ఎనిమిదో చుట్టు

ఎర్ర పెన్సిల్ మొన ఎనిమిదో చుట్టు దగ్గర ఆగింది.

అంతకు ముందు ఏడింటినీ ఆమె గబగబా చుట్టేసింది. కాగితం మీద ఇంగ్లీషులో ఉన్న సారాంశం పట్టుమని పదిహేను పంక్తులు లేదు. చేపల తొట్టెల్లో నీళ్ల మీద కట్టే పచ్చటి తెట్టు గురించి, దాన్ని మైలుతుత్తంతో చంపడం గురించి ఒక శాస్త్రవేత్త రాసిన వ్యాసానికి సారాంశం అది. అందులో మార్చకూడనివి ఏవేవి ఉన్నాయో ముందు చూసుకుని, ఒక్కోదానికీ ఎర్ర చుట్టు చుట్టి, పక్కన నంబరు వేయడం ఆమె పద్ధతి. ఒకటి, CuSO₄·5H₂O. రెండు, Microcystis aeruginosa. మూడు, Cyprinus carpio. నాలుగు, తొట్టె కొలత. ఐదు, ఆరు, నీటి క్షారత అంకె, దాని పక్కన CaCO₃. ఏడు, ఉష్ణోగ్రత. ఎనిమిది, 250 µg/L.

పెన్సిల్ అక్కడ ఆగి, కాసేపటికి కదిలింది. మిగతావాటి కంటే ఈ చుట్టు కాస్త పెద్దదిగా పడింది.

ఆ సంస్థలో అందరూ ఆమెను సీసాలక్క అంటారు. చేపల పరిశోధన సంస్థ అది. పాతికేళ్ల కిందట ఆమె అక్కడ చేరింది నమూనాల సీసాలు కడగడానికి. స్పిరిట్‌లో వేసిన చేపలు, రొయ్యలు, నత్తలు అరలనిండా ఉండేవి. సీసా లోపల ఒక కాగితం ముక్క, దాని మీద ఆ జీవి పేరు ఉండాలి. సిరాతో రాస్తే స్పిరిట్‌లో కరిగిపోతుంది, పెన్సిల్‌తో రాస్తే నిలుస్తుంది. పాత ముక్కలు చివికిపోతే కొత్తవి రాసే పని ఆమెకు అప్పగించారు. ఆ పేర్లకు అర్థం ఆమెకు తెలియదు. తెలియదు కనకనే ఉన్నది ఉన్నట్టు దించింది. మొదటి మాటకు పెద్దక్షరం, రెండో మాటకు చిన్నక్షరం, రెండూ వాలుగా. రెండోసారి అదే పేరు వస్తే మొదటి మాటకు ఒక అక్షరం, చుక్క. ఎవరూ నేర్పలేదు. వందల సీసాలు రాశాక చేతికే తెలిసింది.

తర్వాత టైపు నేర్చుకుంది, ఇంగ్లీషు నేర్చుకుంది. సంస్థ మూడు నెలలకొకసారి తెచ్చే పత్రికలో ప్రతి వ్యాసానికీ మన భాషలో సారాంశం వేయాలని ఎప్పుడో ఒక పెద్దాయన పట్టుబట్టాడు. చేపలు పెంచేవాళ్లు ఇంగ్లీషు వ్యాసం చదవరు, ఈ పదిహేను పంక్తులైనా చదువుతారని ఆయన ఆశ. డిగ్రీలున్న ఇద్దరు ముగ్గురు ఆ పని చేసి చూశారు. ఒకాయన జీవుల పేర్లను కూడా అనువాదం చేసేశాడు. Chlorella vulgaris అనే నాచును 'అసభ్య క్లోరెల్లా' అని రాశాడు. పత్రిక వచ్చాక మూడు నెలల పాటు సంస్థలో నవ్వులే. దానితో పని సీసాలక్క బల్ల మీదికి వచ్చింది.

వచ్చిన నెలలోనే ఆమె ఒక నియమాల కాగితం రాసి, గదిలో గోడకు అంటించింది. జీవుల శాస్త్రీయ నామాలు ముట్టుకోరాదు. రసాయన సంకేతాలు ముట్టుకోరాదు. అంకె, దాని పక్కన ఉన్న ప్రమాణం ముట్టుకోరాదు. మాటల్లోకి మార్చరాదు, మరో ప్రమాణంలోకి లెక్కకట్టరాదు. పేరుకు మన ప్రత్యయం అతికించరాదు. మధ్యలో ఒక మాటను కాపలా పెట్టాలి. అంటే Cyprinus carpio తోకకు 'లో' తగిలించకుండా, 'Cyprinus carpio చేపల్లో' అని రాయాలి. ఏ దేశం వాడు చూసినా, ఏ భాషలో పేజీ అయినా, ఈ ముక్కలు ఒకేలా కనపడాలి. అప్పుడే మూలంతో పోల్చి చూసుకోవచ్చు. అప్పటి ఎడిటర్ దాని మీద సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ గోడ మీద ఉంది. టేపు పసుపు పచ్చగా మారింది.

ఆమె చుట్టడం పూర్తిచేసింది. మొత్తం పదిహేను. తొమ్మిది, పది, నీటిలో నాచు కణాల లెక్కలు. పదకొండు, 72 h. పన్నెండు, C. carpio. పదమూడు, పద్నాలుగు, నీటిలో మిగిలిన O₂ ఎంతో చెప్పే ముక్కలు. పదిహేను, M. aeruginosa. ఆ నాచు మూడు వారాలకు మళ్లీ వచ్చిందని చివరి వాక్యం. మూడు వారాలు అన్నది మాటల్లోనే ఉంది కనక దానికి చుట్టు అక్కరలేదు, అది అనువాదమవుతుంది.

తెల్లకాగితం తీసి అనువాదం మొదలుపెట్టింది. చుట్టినవాటి స్థానంలో చిన్న గడి గీసి, అందులో నంబరు వేస్తూ పోతుంది. మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది, ముందున్నది వెనక్కి వస్తుంది. అలా వాక్యం తిరగబడినప్పుడు ఈ ముక్కలు చేతిలోంచి జారిపోకుండా ఉండడానికే గడులు. వాక్యాలన్నీ కుదిరాక, ఒక్కో గడిలో ఒక్కో ముక్కను మూలంలోంచి నేరుగా తెచ్చి పెడుతుంది. చివరికి గడులు లెక్కపెడుతుంది. పదిహేను చుట్టితే పదిహేను రావాలి.

లెక్క ఆమె ధైర్యం. రెండేళ్ల కిందటి దాకా.

*

రెండేళ్ల కిందట ఇదే శాస్త్రవేత్త, ఇదే మైలుతుత్తం మీద మొదటి వ్యాసం రాశాడు. తొట్టెలోని లీటరు నీటికి 250 మైక్రోగ్రాములు వేస్తే తెట్టు పోతుంది, చేప పిల్లలు చావవు అన్నది అందులో సంగతి. సీసాలక్క ఎప్పటిలాగే చుట్టింది. పదకొండు ముక్కలు. అనువదించింది, గడులు నింపింది, లెక్కపెట్టింది, పేజీలు కట్టే అతనికి ఇచ్చింది.

పేజీలాయన కంప్యూటర్‌లో మన లిపి ఫాంటు పాతకాలపుది. దాన్ని పేరా మొత్తానికి పెడితే ఇంగ్లీషు అక్షరాలు పిచ్చి గీతలైపోతాయి. అందుకని అతను ఇంగ్లీషు ముక్కల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఇంగ్లీషు ఫాంటులోకి మార్చేవాడు. మైక్రో అని చెప్పే ఆ µ మాత్రం గుర్తుల ఫాంటులో టైపు చేసినది. ఆ ఫాంటులో అది ఉండేది m మీట మీదే. ఫాంటు మార్చగానే µ పోయి, m మిగిలింది. 250 mg/L. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము. వెయ్యి రెట్లు.

ప్రూఫ్ సీసాలక్క దగ్గరికి వచ్చింది. ఆమె గోటితో ఒక్కో ముక్క మీదా తట్టుకుంటూ లెక్కపెట్టింది. పదకొండు ఉన్నాయి. కింద సంతకం పెట్టింది. ఆ సంతకం ఉన్న ప్రూఫ్ ఇప్పటికీ ఆమె సొరుగులో ఉంది.

ఒకప్పుడు ప్రూఫ్ ఇద్దరు చూసేవాళ్లు. ఒకరు మూలం పట్టుకుని కూర్చుంటే, రెండోవారు ప్రూఫ్‌లో కనపడే ప్రతి అక్షరాన్నీ, చుక్కనీ పైకి చదివేవారు. రెండో మనిషి పదవీ విరమణ చేశాక ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది. దాని మీద పాత సంచికల కట్టలు పెట్టారు. ఒక్క మనిషి మూలం, ప్రూఫ్ రెండూ చూస్తే, కన్ను ఉన్నదాన్ని చూడదు, ఉండాల్సినదాన్ని చూస్తుంది. ఈ మాట ఆమె ఎడిటర్‌కు అప్పట్లోనే చెప్పింది. ఆయన విని, తలూపి, ఊరుకున్నాడు.

ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో, పైన గదిలో. తమ్ముడికి పెరట్లో చేపపిల్లల కేంద్రం ఉండేది. ఇరవై వేల లీటర్ల సిమెంటు తొట్టెలో నలభై తల్లి చేపలు. అన్నీ కార్ప్ చేపలు, ఆరేళ్లుగా తన చేత్తో మేపి పెంచినవి. నీళ్లలో చెయ్యి పెడితే వచ్చి వేళ్లు చప్పరించేవి. అతను పదో తరగతి దాటలేదు కానీ, అక్క పేజీని మాత్రం ప్రతి సంచికలోనూ కత్తిరించి డబ్బాలో దాచేవాడు. ఎవరైనా చేపపిల్లల వ్యాపారులు వస్తే తీసి చూపించేవాడు. మా అక్క రాసింది అనేవాడు.

ఆ ఎండాకాలం తొట్టె మీద పచ్చటి తెట్టు కట్టింది. అతను డబ్బా తీసి పేజీ చూసుకున్నాడు. లెక్కకట్టాడు. ఐదు కిలోలు వచ్చింది. అతనికి అనుమానం వచ్చింది. తోటల వాళ్లు చెట్లకు కొట్టే మైలుతుత్తం అతనికి తెలుసు, అది ఎంత ఘాటైనదో తెలుసు. ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ పేజీలో అంకె నమ్మొచ్చా?" అని మాత్రం అడిగాడు.

ఏ పేజీ, ఏ అంకె అని ఆమె అడగలేదు. ముందున్న పని మీంచి తల కూడా ఎత్తలేదు.

"లెక్కపెట్టి సంతకం పెట్టానురా. నా పేజీలో అంకె మారదు" అంది.

వెయ్యాల్సింది ఐదు గ్రాములు. చెంచాడు. అతను ఐదు కిలోలు బకెట్లలో కరిగించి, నాలుగు మూలలా పోశాడు. నీళ్లు లేత నీలం తిరిగాయి. కాసేపటికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. మొప్పల నిండా జిగురు. అతను మోటారు వేసి కొత్త నీళ్లు పట్టాడు, తొట్టెలోకి దిగి ఒక్కోదాన్నీ చేతుల్లోకి ఎత్తి డ్రమ్ముల్లో వేశాడు. మధ్యాహ్నానికి నలభైకి నలభై వెల్లకిలా తేలాయి. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అతను తొట్టె గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పేజీ ఉంది, దాని మీద గాలికి ఎగరకుండా ఒక రాయి ఉంది. ఆమె పేజీ చూసింది. ఒక్క చూపుకే కనిపించింది. లెక్కపెట్టినప్పుడు కనిపించనిది.

అతను ఆమెను తిట్టలేదు. మూడు రోజుల తర్వాత ఒక్క మాట అన్నాడు.

"మైక్రోగ్రాములు అని మాటల్లో రాసుంటే నాకు తెలిసేది కదక్కా. ఈ అక్షరాలు నాకేం తెలుసు."

ఆమె దగ్గర సమాధానం ఉంది. మాటల్లోకి మార్చిన ప్రతిచోటా ఎవడో ఒకడు తప్పు చేస్తాడు, అందుకే ఆ నియమం పెట్టుకున్నాం అని. గోడ మీద తన చేత్తో రాసిన సమాధానమే. అది తమ్ముడి ముందు నోటికి రాలేదు.

తర్వాత అతను ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. తొట్టె ఎండిపోయింది. లోపలి గోడల మీద నీళ్లు ఉన్నంత ఎత్తున ఆకుపచ్చా నీలమూ కాని ఒక గీత మిగిలింది, ఎంత రుద్దినా పోలేదు. మరదలు తొట్టె మీద తాడు కట్టి బట్టలు ఆరేస్తుంది. మరదలు నోరు విప్పేది తక్కువ. ఒకరోజు పొయ్యి దగ్గర కూర చూస్తూ, వెనక్కి తిరగకుండానే, "ఉప్పెంత వెయ్యమంటారు వదినా, చెంచాడా, కిలోనా?" అంది. నవ్వలేదు. ఆ రోజు నుంచి సీసాలక్క పళ్లెం పైకి తెచ్చుకుని తింటుంది.

*

సవరణ వేయమని ఆమె అప్పుడే ఎడిటర్‌ను అడిగింది. తప్పు తనదేనని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఎడిటర్ మంచి మనిషే, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, వద్దన్నాడు. ఇంగ్లీషు వ్యాసంలో అంకె సరిగ్గానే ఉంది, సంస్థ తప్పేమీ లేదు, అనువాదం కేవలం సౌకర్యం కోసమే అని మొదటి పేజీలోనే చిన్నక్షరాల్లో ఉంది. సవరణ వేస్తే సంస్థ తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాటతో అది ముగిసింది. అదీ తేలిగ్గా, నెమ్మదిగానే అన్నాడాయన. సవరణ తర్వాతి సంచికలోనూ లేదు, ఆ తర్వాతి సంచికలోనూ లేదు. ఆ పాత పేజీ ఎవరెవరి డబ్బాల్లో ఉందో, ఇంకెవరు తొట్టె గట్టు మీద నిలబడి లెక్కకడుతున్నారో ఆమెకు తెలియదు. ప్రతి ఎండాకాలమూ ఆ ఆలోచన వచ్చేది.

ఇప్పుడు ఈ రెండో వ్యాసం వచ్చింది. తల్లి చేపల తొట్టెల్లో అదే మందు, అదే మోతాదు. ఎడిటర్ దాన్ని ఇస్తూ మరో మాట కూడా చెప్పాడు. మన భాష పేజీ ఈ సంచికతో ఆపేస్తున్నారు. వచ్చే సంచిక నుంచి ఉండదు. పైనుంచి వచ్చిన నిర్ణయం. సీసాలక్కను గ్రంథాలయానికి మారుస్తారు.

అంటే సరైన అంకె మన భాషలో అచ్చయ్యే చోటు ఇది ఒక్కటే. సవరణ అనే పేరు లేకపోయినా, పాత పేజీ పక్కన ఈ పేజీ పెట్టి చూసుకునే మనిషి ఒక్కడైనా ఉండకపోడు. ఇది చెడితే మరొకటి రాదు.

ఆమె మొదటిసారి తన నియమాన్ని తానే మీరాలని చూసింది. ఎనిమిదో ముక్క పక్కన 'మైక్రోగ్రాములు' అన్న ఒక్క మాట చేరుస్తానని ఎడిటర్‌ను అడిగింది. ఆయన గోడవైపు చూశాడు.

"మీ చేత్తో రాసిందే కదా సీసాలక్కా" అన్నాడు. "ఒక్కచోట మాటల్లో వేస్తే మిగతా పద్నాలుగు చోట్ల ఎందుకు వెయ్యలేదంటారు. ఇరవై ఏళ్లు మీరే అందరినీ వద్దన్నారు."

నిజమే. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. గడిలో 250 µg/L అని రాసింది, దాని తర్వాత 'మోతాదులో' అన్న మాటను కాపలా పెట్టింది. అంతకు మించి ఆమె చేయగలిగింది లేదు.

మధ్యాహ్నానికి అనువాదం తేలింది. మైలుతుత్తం, తెట్టు, మొప్పలు, తల్లి చేపలు, అన్నీ చేపలవాళ్ల నోట్లో ఉండే మాటలే వేసింది. తల్లి చేప ఒక్కటీ చావలేదు అన్న వాక్యం రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున పేజీలాయన వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను వయసులో చిన్నవాడు. తమ్ముడి చేపలు చచ్చిన రోజు నుంచి ఆమె కంట పడకుండా తిరుగుతుంటాడు. ఈసారి µ ను గుర్తుల ఫాంటులో కాకుండా ఇంగ్లీషు ఫాంటులోదే తీసుకుని పెట్టాడు. ఆమె చూస్తుండగానే పెట్టాడు. తర్వాత పేరా మొత్తానికి పంక్తుల ఎడం సరిచేసి, ప్రూఫ్ తీశాడు.

ఆమె భూతద్దం పెట్టి ఎనిమిదో ముక్క చూసింది. µ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది.

"ఇప్పుడే కదక్కా పెట్టాను" అన్నాడు అతను. "మీరు చూశారు కదా."

ఎడం సరిచేసినప్పుడు అక్కడ మళ్లీ మన లిపి ఫాంటు పడింది, ఆ ఫాంటులో µ కు బొమ్మ లేదు. అతను సరిచేశాడు. మళ్లీ తీశాడు. ఈసారి µ వచ్చింది. కానీ CaCO₃ లో మూడు కిందనుంచి పంక్తిలోకి లేచింది. అదీ దించాడు. మూడో ప్రూఫ్ తీశాడు. అతని వీపు తడిసిపోయింది. అతను తల ఎత్తకుండానే, "నన్ను ఎప్పుడైనా తిట్టండక్కా, ఒకసారి. తేలికవుతుంది" అన్నాడు.

"సంతకం నాది" అంది ఆమె. "పని చూడు."

మూడో ప్రూఫ్ మంచిగా కనిపించింది. మంచిగా కనిపించడమే ఆమెకు భయం. పదకొండు ముక్కల ప్రూఫ్ కూడా ఇలాగే మంచిగా కనిపించింది. ఈ పదిహేనూ ఆమెకు నోటికి వచ్చేశాయి. కళ్లు మూసుకున్నా కనపడతాయి. అలాంటి కళ్లతో ప్రూఫ్ చూడకూడదు. పైకి చదివే రెండో మనిషి కావాలి. ఉండాల్సినదేమిటో తెలియని మనిషి, కాగితం మీద ఉన్నదే చదివే మనిషి. పేజీలాయన పనికిరాడు, తన చేత్తో పెట్టింది తనకు కనపడుతుంది. ఎడిటర్ ఊళ్లో లేడు. ప్రెస్సువాళ్లు నాలుగు గంటలకు తీసుకోవడం ఆపేస్తారు.

ఆమె మూలం, ప్రూఫ్ రెండూ అట్ట మీద పెట్టి క్లిప్పు వేసి, గొడుగు తీసుకుని బయలుదేరింది.

*

ఐసు ఫ్యాక్టరీ ముందు నేలంతా తడి. లోపల చలి కంటే ముందు వాసన తగులుతుంది, ముక్కు లోపలిదాకా గుచ్చే వాసన. గోడ పొడవునా పసుపు రంగు గొట్టం పోతోంది, దాని మీద NH₃ అని నల్ల అక్షరాలున్నాయి. తమ్ముడు కొక్కెంతో ఐసు దిమ్మల్ని చెక్క బల్ల మీదుగా లాగుతున్నాడు. ఆమెను చూసి పని ఆపలేదు. చేతిలో ఉన్న దిమ్మను లారీ దాకా పంపించి, అప్పుడు వచ్చాడు. ఆమె చూపు గొట్టం మీద ఉండడం గమనించాడు.

"ఇక్కడ కూడా నీ అక్షరాలే" అన్నాడు.

ఆమె వచ్చిన పని చెప్పింది. ఏమీ దాచలేదు. పేజీ ఇదే ఆఖరిదని, మాటల్లో రాయనివ్వలేదని, ఆ నియమం తనదేనని చెప్పింది. పైకి చదివే మనిషి కావాలని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. అతను చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఐసు పట్టి పట్టి వేళ్ల చివర్లు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"నా తొట్టెలో ఏమీ లేదు కదక్కా. నేను చదివితే ఎంత, చదవకపోతే ఎంత."

"నీకు కాదురా."

"మరి ఎవరికి?"

ఆమె క్లిప్పు తీసి ప్రూఫ్ అతని ముందుకు చాపింది. అతను ఆమె ముఖం చూసి, ప్రూఫ్ తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన మూలం పట్టుకుని, ఎర్ర పెన్సిల్ అతనికి ఇచ్చింది. ఎలా చదవాలో చెప్పింది. తెలిసిన మాటలా చదవకూడదు. ఏ అక్షరం కనిపిస్తే ఆ అక్షరం, పెద్దదా చిన్నదా, పైన ఉందా కింద ఉందా. చదివినదాని మీద చుక్క పెట్టాలి.

అతను చదవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బడిలో ఎక్కాలు చెప్పిన గొంతే. పెద్ద సి, చిన్న యు, పెద్ద ఎస్, పెద్ద ఓ, కింద నాలుగు, నడుమ చుక్క, ఐదు, పెద్ద హెచ్, కింద రెండు, పెద్ద ఓ. జీవుల పేర్లను అక్షరం అక్షరం విప్పాడు, వాలుగా ఉందని చెప్పాడు. Cyprinus carpio దగ్గర చివరి అక్షరం దాకా వచ్చాక, "ఇది నా చేపే కదా" అన్నాడు. అవునంది. చుక్క పెట్టాడు.

అలా ఏడు అయ్యాయి. ఎనిమిదో దగ్గర అతను ఆగిపోయాడు.

ఆమె మూలం మీంచి తల ఎత్తలేదు. చదివేవాడికి ముఖం చూపించకూడదు, ముఖం చూసి సరిచేసుకుంటాడు. లోపల దిమ్మలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వస్తోంది. లారీవాడు ఎవరినో పిలుస్తున్నాడు.

"రెండు, ఐదు, సున్నా" అన్నాడు అతను చివరికి. "తర్వాత ఎమ్ కాదు. యు లాగుంది, ఎడమ పక్కన కిందికి తోక దిగింది. తర్వాత చిన్న జి. వాలు గీత. పెద్ద ఎల్."

"ఊఁ."

"ఆ రోజు దీనికి తోక లేదక్కా. మూడు కాళ్లున్నాయి. నాకు బాగా గుర్తు."

ఆమె "ఊఁ" అనే అంది. చేతిలో మూలం కాగితం అంచు నలిగిపోయింది. అతను చుక్క పెట్టాడు. మొన విరిగేంత గట్టిగా పెట్టాడు, కాగితం వెనకవైపుకు బొడిపె తేలింది. తర్వాత మిగతా ఏడూ ఒకే గొంతుతో, ఆగకుండా చదివాడు. కణాల లెక్కలో పది పైన ఐదు చిన్నదిగా ఉందన్నాడు. పన్నెండో ముక్కలో సి తర్వాత చుక్క ఉందన్నాడు, ఎందుకని అడగలేదు. పదిహేను చుక్కలు పడ్డాయి.

"ఇందులో తల్లి చేపలు బతికాయా?" అని అడిగాడు లేస్తూ.

"బతికాయి."

"అన్నీ?"

"అన్నీ."

అతను తలాడించాడు. ప్రూఫ్ అడుగున రెండు సంతకాలకు చోటుంది. రెండో మనిషి కుర్చీ ఖాళీ అయినా, ఆ గీత ఇంకా అచ్చవుతూనే ఉంది. ఆమె అటు చూపించింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఐసు మీదికి వంగి కొక్కెం అందుకుంటూ, "ఇప్పుడు సరిగ్గానే ఉందక్కా, ఇచ్చెయ్" అన్నాడు.

'ఇప్పుడు' అన్న మాటను అతను కావాలని అన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. దారిపొడవునా ఆ మాటే ఆమె వెంట నడిచింది.

ప్రెస్సు బల్ల దగ్గర ఉన్న మనిషి గడియారం చూశాడు. ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్రూఫ్ అందుకుని, మూలలో తడి చూసి, వానపడుతోందా అన్నాడు. లేదంది. ఐసుదని చెప్పలేదు. అతను ఎర్ర చుక్కల వెంట వేలితో లెక్కపెట్టి, పదిహేనున్నాయన్నాడు. ఆమె భూతద్దం తీసి అతని చేతికిచ్చి, ఎనిమిదోది లెక్కపెట్టవద్దు, చూడండి అంది. అతను వంగి చూశాడు, తోక ఉందన్నాడు. అచ్చు వేసే ప్లేటు మీద కూడా ఇలాగే చూడాలని, అక్కడ తోక లేకపోతే మిషను ఆపాలని చెప్పింది. సరేనన్నాడు.

ఈ పేజీ ఇక రాదటగా అని అడిగాడు. రాదంది.

ఆమె మొదటి గీత మీద సంతకం పెట్టింది. రెండో గీత మీద కాసేపు పెన్సిల్ ఆనించి ఉంచి, 'పైకి చదివినవారు: తమ్ముడు' అని రాసింది. ప్రెస్సు మనిషి అది చదివి, ప్రూఫ్‌ను ట్రేలో అన్నిటికంటే పైన పెట్టాడు.